గంట పనికి ఏడు నిమిషాల సెలవు

బ్రిటన్‌లో చదువుకుంటూ పార్ట్‌టైం పని చేసుకునే మన పిల్లల్లో ఎవరినైనా "నీకు జీతంతో సెలవు వస్తుందా?" అని అడగండి. నవ్వేసేవాళ్లే ఎక్కువ. "నాది జీరో అవర్స్ కాంట్రాక్టండీ, షిఫ్టుకు వెళ్తే డబ్బులు, లేకపోతే లేదు" అంటారు. జీతంతో సెలవంటే పర్మనెంటు ఉద్యోగులదని, నెల జీతగాళ్లదని ఇంటి దగ్గరే ఒంటబట్టిన నమ్మకం మనది. పచ్చళ్లతో పాటు దాన్నీ సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కుతారు.

అక్కడి చట్టం లెక్క వేరు. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో కేర్ హోములో ఒక షిఫ్టు చేసినా, గోదాములో శనివారాలు మాత్రమే పెట్టెలు మోసినా, ఆ చేసిన పనిలోంచే కొంత సెలవు పుడుతుంది. గంటలు నెలనెలా మారిపోయే వాళ్లకు ఆ వాటా 12.07 శాతం. గంట పనికి ఏడు నిమిషాల పైచిలుకు. ఇది యజమాని దయ మీద ఆధారపడిన బోనసు కాదు, అడిగితేనే ఇచ్చేదీ కాదు. జీతం ఎలా పేరుకుంటుందో సెలవూ అలాగే పేరుకోవాలి.

ఈ 12.07 ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలుసుకుంటే మిగతాదంతా సులువు. బ్రిటన్‌లో పనిచేసే ఎవరికైనా ఏడాదికి కనీసం 5.6 వారాల జీతపు సెలవు ఉండాలి. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకు అది 28 రోజులవుతుంది. క్రిస్మస్, ఈస్టర్ లాంటి ప్రభుత్వ సెలవుల్ని యజమాని ఈ 28లోనే కలిపేసుకోవచ్చు. కాబట్టి వినడానికి కనిపించినంత ధారాళం కాదు. ఇక ఏడాదిలో 52 వారాలు. అందులో 5.6 వారాలు సెలవులో పోతే నిజంగా పనిచేసేది 46.4 వారాలు. 5.6ని 46.4తో భాగిస్తే 0.1207 వస్తుంది. ఫుల్‌టైం ఉద్యోగి చేసే ప్రతి గంట పని వెనకా ఇంత సెలవు దాగి ఉంది కాబట్టి, రెండు గంటలు చేసినవాడికీ అదే పాళ్లలో ఇవ్వాలన్నది దీని తర్కం.

ఇక్కడే ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. కొందరు 5.6ని 52తో భాగించి 10.77 శాతం చాలనుకుంటారు. 52 వారాల్లో సెలవు వారాలు కూడా ఉన్నాయి. ఇక్కడ లెక్క వేసేది మాత్రం పనిచేసిన గంటల మీదే. పని గంటల మీద లెక్కగట్టేటప్పుడు భాగించేది పని వారాలతోనే కావాలి. ఏడాదికి వెయ్యి గంటలు చేసే మనిషికి ఈ తేడా 13 గంటలు. జీతపు రోజుల్లో చెప్పాలంటే రోజున్నర పైన.

ఇంత దూరం రావడానికి ఆ చట్టానికీ పాతికేళ్లు పట్టింది. యూరోపియన్ యూనియన్ ఆదేశం మేరకు 1998లో బ్రిటన్ పని గంటల నిబంధనలు తెచ్చింది. జీతపు సెలవు మొదటిసారి అందరి హక్కు అయింది. కానీ అందులో ఒక మెలిక పెట్టారు. ఒకే యజమాని దగ్గర వరసగా 13 వారాలు పనిచేస్తేనే సెలవు మొదలవుతుంది. సినిమా, టీవీ షూటింగుల్లో పనిచేసే లైట్‌మెన్, సౌండు వాళ్లు, ఎడిటర్లు ఒక్కో సంస్థలో ఆరు వారాలో ఎనిమిది వారాలో చేసి ఇంకో చోటికి వెళ్తారు. ఏడాదంతా ఖాళీ లేకుండా పనిచేసినా ఎక్కడా 13 వారాలు నిండవు, కాబట్టి వాళ్లకు సెలవు సున్నా. వాళ్ల సంఘం బెక్టు కోర్టుకెక్కింది. వ్యవహారం యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి, 2001 జూన్‌లో తీర్పు వచ్చింది: హక్కు ఉందన్నాక దాన్ని మొదలే కాకుండా అడ్డుకునే గడువు పెట్టకూడదు. అదే ఏడాది బ్రిటన్ 13 వారాల షరతు ఎత్తేసింది. అప్పటి నుంచి అక్కడ పని మొదలైన తొలి రోజు నుంచే సెలవు పేరుకుంటుంది.

మన దగ్గర ఇప్పటికీ ఆ గడప ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 రోజులకూ ఒక రోజు చొప్పున మరుసటి ఏడాది జీతపు సెలవు వచ్చేది. 20కి ఒకటి అన్నది పాళ్ల లెక్కే, మంచిదే. కానీ 239 రోజులు చేసి ఉద్యోగంలో కొనసాగుతున్నవాడికి ఆ ఏడాదికి ఏమీ వచ్చేది కాదు. కొత్త కార్మిక స్మృతులు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాక ఆ గడప 180 రోజులకు దిగింది. దిగింది తప్ప పోలేదు. పైగా లెక్క రోజుల్లోనే ఉంది, గంటల్లో లేదు. రోజుకు మూడు గంటలు చేసే పార్ట్‌టైం పనికి, నెలకోలా మారే షిఫ్టులకు ఈ కొలత సరిగ్గా అతకదు. ఇంటి దగ్గరి లెక్కనే అక్కడికీ వర్తింపజేసుకుని మనవాళ్లు అడగడం మానేస్తే, ఆ మౌనం ఖరీదు వాళ్లే కట్టుకుంటారు.

గడప పోయాక బ్రిటన్‌లో రెండో తగాదా మొదలైంది. దానికి కారణం ఒక సంగీతం టీచరు.

బెడ్‌ఫర్డ్‌లోని ఒక బాలికల పాఠశాలలో ఆమె శాక్సఫోన్, క్లారినెట్ నేర్పేవారు. ఉద్యోగం పర్మనెంటే, కానీ వారానికి ఇన్ని గంటలని లేదు. ఎంతమంది పిల్లలు చేరితే అన్ని పాఠాలు. బడి ఉన్న వారాల్లోనే పని, మిగతా వారాల్లో పనీ లేదు, జీతమూ లేదు. ఆమెకూ 5.6 వారాల సెలవు జీతం రావాలన్నది ఇద్దరూ ఒప్పుకున్నదే. ఒక వారం జీతం అంటే ఎంత అన్న దగ్గరే పేచీ. మొదట్లో అంతకు ముందు పన్నెండు పని వారాల సగటు తీసి దాని ప్రకారం ఇచ్చేవారు. 2011లో యాజమాన్యం ఆ పద్ధతి మార్చి, చేసిన గంటల మీద 12.07 శాతం ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని యాజమాన్యం ఊరికే పుట్టించలేదు. కార్మిక తగాదాల్లో సలహాలిచ్చే ప్రభుత్వ నిధుల సంస్థ ఏకాస్ కూడా అప్పట్లో తాత్కాలిక సిబ్బందికి ఇదే లెక్క సూచించేది. కానీ టీచరుకు వచ్చే డబ్బు తగ్గింది. ఆమె కోర్టుకు వెళ్లారు.

ఎందుకు తగ్గిందో ఒక ఉదాహరణతో చూద్దాం. వారానికి 20 గంటల చొప్పున బడి ఉండే 32 వారాలు చేసే మనిషి ఉన్నాడనుకోండి. ఏడాదికి 640 గంటలు. సగటు వారం 20 గంటలు కాబట్టి 5.6 వారాల సెలవంటే 112 గంటల జీతం. అదే 12.07 శాతం ప్రకారం లెక్క కడితే 77 గంటలే. 35 గంటలు గాలికి. ఎందుకంటే 12.07 అనే అంకె పుట్టిందే 46.4 వారాలు పనిచేసే మనిషిని చూసి. 32 వారాలే పనిచేసే మనిషికి 5.6ని 32తో భాగించాలి, అప్పుడు 17.5 శాతం వస్తుంది.

యాజమాన్యం వాదన కూడా తీసిపారేసేది కాదు. అదే 640 గంటల్ని ఏడాది పొడవునా సమానంగా పరిచి చేసే పార్ట్‌టైం ఉద్యోగికి 77 గంటల సెలవే వస్తుంది కదా, ఒకే పనికి ఒకరికి 77, ఇంకొకరికి 112 ఏమిటి అన్నారు. ఏడాదికోసారి పరీక్షల ఇన్విజిలేషన్‌కి వచ్చి పోయే మనిషి పర్మనెంటు కాంట్రాక్టులో ఉంటే, కొద్ది వారాల పనికి 5.6 వారాల సెలవు జీతం ఇవ్వాల్సి వస్తుందని కూడా చూపించారు. కింది ట్రిబ్యునల్ యాజమాన్యం వైపు మొగ్గింది. ఆ పైన ప్రతి మెట్టులోనూ టీచరే గెలిచారు. 2022 జూలై 20న సుప్రీంకోర్టు 'హార్పర్ ట్రస్టు వర్సెస్ బ్రేజెల్' కేసులో తేల్చేసింది: చట్టంలో ఉన్నది 5.6 వారాలు, ఏడాదిలో కొన్ని వారాలే పనిచేస్తారు కాబట్టి దాన్ని కోయండని ఎక్కడా రాసి లేదు, కొందరికి కాస్త ఎక్కువ దక్కినంత మాత్రాన అది అసంబద్ధం అయిపోదు.

యజమానులు గగ్గోలు పెట్టారు. బడుల్లో వంటవాళ్లు, సహాయకులు, సంగీతం మాస్టార్లు, అందరికీ వెనకటి బకాయిల ప్రశ్న వచ్చింది. ప్రభుత్వం 2023 జనవరిలో సలహాలు అడిగి, ఏడాది చివరికి నిబంధనలే మార్చేసింది. 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే సెలవు సంవత్సరం నుంచి, గంటలు నిలకడగా లేని వాళ్లకూ, ఏడాదిలో కొంత భాగమే పనిచేసే వాళ్లకూ సెలవు 12.07 శాతమే. అంటే పదకొండేళ్లు పోరాడి గెలిచిన లెక్క రెండేళ్లు నిండకుండానే పోయింది. నన్నడిగితే, కొత్త పద్ధతి తేలిక, ఎవరైనా ఫోన్లో కాలిక్యులేటర్ తీసి సరిచూసుకోగలరు. ఆ తేలికకు మూల్యం కట్టింది మాత్రం బడి సిబ్బందే.

ఈ 12.07 ఎవరికి వర్తిస్తుందో చూసుకోవడం ముఖ్యం. కాంట్రాక్టు ప్రకారం ప్రతి జీతపు వ్యవధిలో గంటలు పూర్తిగానో చాలావరకో మారిపోయేవాళ్లు ఒక రకం. ఏడాదిలో కనీసం వారం పాటైనా పనీ జీతమూ లేని ఖాళీలు ఉండేవాళ్లు రెండో రకం. ప్రతి వారం తప్పకుండా 20 గంటలని కాంట్రాక్టులో రాసుకుని ఏడాదంతా చేసే పార్ట్‌టైం ఉద్యోగి ఈ రెంటిలోనూ లేడు. అతని లెక్క పాతదే: 5.6 వారాలను 20తో గుణిస్తే ఏడాదికి 112 గంటలు. సరిగ్గా 46.4 వారాలు చేస్తే 928 గంటలు, దాని మీద 12.07 శాతం వేసినా 112 గంటలే వస్తుంది. రెండు దారులూ ఒకే చోట కలుస్తున్నాయంటే లెక్క నిజమేనని అర్థం.

ఇప్పుడు ఒక విద్యార్థిని లెక్క పూర్తిగా వేసి చూద్దాం. గుంటూరు నుంచి కోవెంట్రీకి ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లిందనుకోండి. అక్కడి వీసా నియమం ప్రకారం డిగ్రీ స్థాయి కోర్సుల వాళ్లు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, సెలవుల్లో ఎంతైనా చేయొచ్చు. ఈమె ఒక కేర్ హోములో బ్యాంక్ స్టాఫ్. అంటే ఎవరైనా రాని రోజున, రోటాలో ఖాళీ ఉన్న చోట పిలుస్తారు, వీలుంటే వెళ్తుంది. గంటకు 12.21 పౌండ్లు. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు 21 ఏళ్లు నిండిన వాళ్లకు అక్కడి కనీస వేతనం అది.

అక్టోబరులో 62 గంటలు చేసింది. 12.07 శాతం అంటే 7.48 గంటల సెలవు. నిబంధన ప్రకారం అర గంట కంటే తక్కువ మిగిలితే వదిలేస్తారు, అర గంట గానీ ఎక్కువ గానీ మిగిలితే పై గంటకు పెంచుతారు. కాబట్టి 7 గంటలు. నవంబరులో 80 గంటలకు 9.66, అంటే 10. డిసెంబరులో కాలేజీ సెలవులు, 118 గంటలు చేసింది, 14 గంటల సెలవు. జనవరిలో పరీక్షలు, 41 గంటలే, 5 గంటల సెలవు. నాలుగు నెలల్లో 301 గంటల పనికి 36 గంటల జీతపు సెలవు పోగైంది.

దాని విలువ ఎంత? సెలవు తీసుకుంటే వచ్చే జీతం వెనకటి 52 వారాల సగటు మీద కడతారు. అన్ని వారాలు లేకపోతే చేరినప్పటి నుంచి ఉన్నవి చూస్తారు. ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: జీతం రాని వారాల్ని లెక్కలోకి తీసుకోకూడదు. 52 నిండడానికి వాటి బదులు ఇంకా వెనక్కి వెళ్తారు, 104 వారాల వరకు. మన గుంటూరు అమ్మాయి నాలుగు నెలల్లో సుమారు 18 వారాలకు గాను 16 వారాలే పనిచేసింది. 301 గంటలకు 3,675 పౌండ్లు. 16తో భాగిస్తే వారానికి 230 పౌండ్లు. తెలిసో తెలియకో 18తో భాగిస్తే 204. ఒక్క వారానికి 26 పౌండ్లు తేడా. పేస్లిప్పులో సెలవు జీతం తగ్గినట్టు అనిపిస్తే మొదట చూడాల్సింది ఎన్ని వారాలతో భాగించారనేదే.

పూర్తి గంటకు సర్దే పద్ధతి నెల జీతంలో పెద్దగా నొప్పించదు, ఈ నెల పోయింది వచ్చే నెల కలిసొస్తుంది. వారం వారం జీతమిచ్చే చోట అలా కాదు. వారానికి 4 గంటలే చేసే మనిషికి ప్రతి వారం 0.48 గంట వస్తుంది, అర గంటకు కాస్త తక్కువ. వారం వారం సర్దుకుంటూ పోతే ఏడాదంతా చేసినా సున్నాయే. అదే 5 గంటలు చేసేవాడికి 0.6, అంటే పూర్తి గంట. చాలా పేరోల్ సాఫ్ట్‌వేర్లు పాయింటు తర్వాతి అంకెల్ని వదలకుండా దాచుకుంటాయి. చట్టం చెప్పింది కనీసమే కాబట్టి యజమాని అంతకంటే ఎక్కువ ఇస్తే ఎవరూ కాదనరు. మీ దగ్గర ఏది జరుగుతోందో ఒక నెల పేస్లిప్ చూస్తే తెలిసిపోతుంది.

అసలు డబ్బు పోయేది శాతాల్లో కన్నా గంటల్లో. 12.07 సరిగ్గా వేసినా, వేసిన గంటలే తక్కువైతే ఏం లాభం? కేర్ హోముల్లో షిఫ్టు మారేటప్పుడు రోగుల సంగతులు తర్వాతివాళ్లకు అప్పగించడానికి పావుగంట పడుతుంది. రోటాలో మాత్రం షిఫ్టు ఎనిమిదికి అయిపోయినట్టే ఉంటుంది. నెలకు పది షిఫ్టులుంటే అది రెండున్నర గంటలు. నవంబరు 80 గంటలు 77.5గా నమోదైతే సెలవు 9.35 అవుతుంది, అంటే 9. ఆ రెండున్నర గంటల జీతమూ పోయింది, పై నుంచి ఒక గంట సెలవూ పోయింది. యజమాని తప్పనిసరి చేసిన శిక్షణ తరగతులు, ఇంటికి వెళ్లి సేవ చేసే ఉద్యోగాల్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయం కూడా పని గంటలే. రోటా యాప్‌లో ఉన్నదాన్ని ప్రతి వారం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకునే అలవాటు ఇందుకే అవసరం. నెల తిరగ్గానే పాత రోటాలు కనబడకుండా పోయే యాప్‌లు కూడా ఉన్నాయి.

2024 మార్పులతో ఇంకో పద్ధతికి తలుపు తెరిచారు. సెలవు తీసుకున్నప్పుడు జీతం ఇచ్చే బదులు, ప్రతి జీతంతో పాటే 12.07 శాతం అదనంగా ఇచ్చేయడం. అక్కడ దీన్ని రోల్డ్ అప్ హాలిడే పే అంటారు. గుంటూరు అమ్మాయికి నవంబరులో 80 గంటలకు 976 పౌండ్ల 80 పెన్నీల జీతం, దాని మీద 117 పౌండ్ల 90 పెన్నీలు హాలిడే పే. ఈ రెండో మొత్తం పేస్లిప్పులో విడిగా, తన పేరుతో కనబడాలి. గంటలు మారేవాళ్లకూ, ఏడాదిలో కొంత భాగమే పనిచేసేవాళ్లకూ తప్ప మిగతావాళ్లకు ఇలా ఇవ్వడం కుదరదు.

నిజానికి 2006లో యూరోపియన్ న్యాయస్థానం ఈ పద్ధతి తప్పంది. కారణం సరళం. డబ్బు నెలనెలా అందేస్తే మనిషి సెలవు తీసుకోడు. కోవెంట్రీ అద్దెకో, హైదరాబాదులో తీసుకున్న విద్యారుణం వాయిదాకో ఆ నూట పద్దెనిమిది పౌండ్లు ఎప్పుడో వెళ్లిపోతాయి. ఎండాకాలంలో మూడు వారాలు ఇంటికొచ్చినప్పుడు ఖాతాలో పడేది ఏమీ ఉండదు, ఎందుకంటే ఆ మూడు వారాల జీతం ముందే తినేశారు. ఈ పద్ధతిలో ఉన్నవాళ్లకు సెలవు తీసుకునే హక్కు పోదు, యజమాని ఒప్పుకోవాలి కూడా. కాకపోతే ఆ రోజులకు విడిగా డబ్బు రాదు. గంటలు చాలా అస్తవ్యస్తంగా ఉండేవాళ్లకు ఇది సుఖమేనని ఒప్పుకోవాలి. చేతికి వచ్చిన డబ్బు గురించి గొడవ పడాల్సిన పని ఉండదు.

గొడవ వచ్చేది దీన్ని దొంగదారిగా వాడినప్పుడు. "గంటకు 12.21, హాలిడే పే కలిపి" అని ప్రకటన చూశారనుకోండి. 12.21ని 1.1207తో భాగించండి. 10 పౌండ్ల 90 పెన్నీలు దగ్గర తేలుతుంది. అంటే పనికిచ్చే అసలు రేటు కనీస వేతనం కంటే తక్కువ. 12.21 మీద హాలిడే పే నిజంగా కలిపితే 13 పౌండ్ల 68 పెన్నీలు కావాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఉద్యోగ ప్రకటనల్లో 'అన్నీ కలిపి' అన్న మాట కనిపిస్తే ఈ ఒక్క భాగహారం చేసి చూడండి. చేసేది హోటల్ యజమాని అయినా, మనూరి మనిషే అయినా సరే. నగదుగా ఇచ్చి పేస్లిప్ ఇవ్వనివాళ్ల దగ్గరైతే చూడడానికి కాగితమే ఉండదు, అదే ఇంకా పెద్ద ప్రమాదం.

జబ్బు చేసి పనికి వెళ్లని వారాల్లోనూ, ప్రసూతి సెలవులోనూ గంటలు సున్నా కాబట్టి సెలవూ సున్నా అనుకోకూడదు. అంతకు ముందటి 52 వారాల సగటు గంటల మీద అప్పుడూ సెలవు పేరుకుంటూనే ఉంటుంది.

ఇక ఉద్యోగం మానేసే రోజు. పేరుకుని వాడుకోని సెలవు ఏమైనా ఉంటే దాన్ని డబ్బుగా చెల్లించాల్సిందే. "మూడు నెలలు నిండకుండా వెళ్లిపోతే హాలిడే పే లేదు", "నోటీసు ఇవ్వలేదు కాబట్టి లేదు" లాంటి షరతులు కాంట్రాక్టులో ఉన్నా ఈ చట్టబద్ధమైన సెలవుకు చెల్లవు. అంతకు ముందు పేరుకున్నదానికంటే ఎక్కువ సెలవు వాడేసి ఉంటే, ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటేనే యజమాని ఆ మేరకు చివరి జీతంలో కోసుకోగలడు. చివరి పేస్లిప్ రాగానే మొత్తం గంటలు కూడి 12.07 శాతం కట్టండి. అందులోంచి వాడుకున్న గంటలు తీసేసి, మిగిలినదానికి డబ్బు వచ్చిందో లేదో చూసుకోండి. రోల్డ్ అప్ పద్ధతిలో ఉన్నవాళ్లకైతే ప్రతి పేస్లిప్పులోని హాలిడే పే వరస కలిపితే చాలు.

తేడా ఉంటే మొదట యజమానికి లెక్కతో సహా ఈమెయిల్ పంపాలి. ఫోన్లో మాట్లాడింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. సమాధానం రాకపోతే ఏకాస్ ఉచిత హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ముందు ఏకాస్ రాజీ ప్రయత్నం దాటి రావాలి. ఆ మెట్టు ఎక్కడానికి ఉన్న గడువు ఏళ్లలో కాదు, నెలల్లో ఉంటుంది. కోర్సు అయ్యాక ఇంకో ఉద్యోగం కుదిరి, ఇంకో ఊరు మారి, తీరిగ్గా చూద్దాంలే అనుకునేవాళ్లకు ఆ లోపే గడువు దాటిపోతుంది. అడగాల్సింది చివరి జీతం పడిన వారంలోనే.